పగలు బ్యాంకు, రాత్రి జేఏఐఐబీ: రాయగడ వైపు బ్యాంకు ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్లాన్ ఎవరి కోసం?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం వైపు బ్రాంచిల్లో క్లర్కుగానో ఆఫీసరుగానో పనిచేస్తూ, సాయంత్రాలూ సెలవు రోజులూ తప్ప వేరే సమయం దొరకని మనవాళ్ల కోసం. పరీక్ష ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ పెట్టే జేఏఐఐబీ. పేపర్లు నాలుగు. ఇండియన్ ఎకానమీ అండ్ ఇండియన్ ఫైనాన్షియల్ సిస్టమ్ మొదటిది, ప్రిన్సిపుల్స్ అండ్ ప్రాక్టీసెస్ ఆఫ్ బ్యాంకింగ్ రెండోది, అకౌంటింగ్ అండ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ ఫర్ బ్యాంకర్స్ మూడోది, రిటైల్ బ్యాంకింగ్ అండ్ వెల్త్ మేనేజ్‌మెంట్ నాలుగోది. కింద వీటిని ఎకానమీ పేపరు, పీపీబీ, ఏఎఫ్ఎమ్, రిటైల్ పేపరు అని పిలుస్తాం. ఒక్కో పేపరులో సుమారు 100 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

నాలుగు పేపర్లూ ఒకేసారి రాయాలా, రెండేసి చొప్పున రాయాలా?

అందరూ మొదట తడబడేది ఇక్కడే. దీనికి జవాబు పాసు నిబంధనలోనే ఉంది. పేపరుకు 50 వస్తే ఆ పేపరు పాసు. దీనికి తోడు ఇంకో వెసులుబాటు ఉంది: ఒకే విడతలో ప్రతి పేపరులోనూ కనీసం 45 వచ్చి, నాలుగూ కలిపి సగటున 50 శాతం ఉంటే మొత్తం పరీక్ష పాసైనట్టే.

ఉదాహరణకు ఒకరికి ఎకానమీలో 56, పీపీబీలో 52, ఏఎఫ్ఎమ్‌లో 46, రిటైల్‌లో 48 వచ్చాయనుకుందాం. మొత్తం 202, అంటే 50.5 శాతం. రెండు పేపర్లలో 50 దాటకపోయినా పరీక్ష పూర్తయిపోయింది. అదే మనిషి ఈ విడత ఏఎఫ్ఎమ్, రిటైల్ మాత్రమే రాసి ఇవే మార్కులు తెచ్చుకుంటే రెండూ పోయినట్టే. 46కూ 48కీ ఊతమిచ్చే మిగతా రెండు పేపర్లు ఆ విడతలో లేవు మరి.

అందుకే నాలుగూ ఒకేసారి రాయమనే మా సలహా. అయితే ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఏ ఒక్క పేపరులోనైనా 45 కంటే తగ్గితే ఈ వెసులుబాటు మొత్తం పోతుంది. పై లెక్కలో ఏఎఫ్ఎమ్ 43 అయితే, 48 తెచ్చుకున్న రిటైల్ కూడా మళ్లీ రాయాల్సిందే, 50 దాటిన రెండే నిలుస్తాయి. ఈ ప్లానులో గంటలు ఎక్కువగా బలహీనమైన పేపరుకు పోతాయి. 60 వచ్చే పేపరును 70కి తీసుకెళ్లడం కన్నా 40 వచ్చేదాన్ని 48కి లాగడం ముఖ్యం.

బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లు, ఇంట్లో చంటిపిల్లలు ఉన్నవాళ్లు రెండేసి చొప్పున రాస్తామంటే అదీ సబబే. అప్పుడు ప్రతి పేపరుకూ 50 తప్పదని తెలిసి దిగాలి.

ఎన్ని గంటలు కావాలి? నిజంగా ఎన్ని దొరుకుతాయి?

ముందు దొరికేవి లెక్కపెట్టండి, కావలసినవి తర్వాత చూద్దాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి 8 నుంచి 9:15 వరకు కూర్చుంటే వారానికి 6 గంటల పావు. ఆదివారం పొద్దున మూడున్నర గంటలు. రెండో, నాలుగో శనివారం బ్యాంకుకు సెలవు కాబట్టి ఆ రోజు 4 గంటలు. పనిచేసే శనివారం సాయంత్రాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. ఆ రోజు కూర్చున్నా చదువు సాగదు.

పన్నెండు వారాల్లో ఇది 117 గంటలు, ఐదు సెలవు శనివారాలతో కలిపి 137. ఇందులో ఐదో వంతు పోతుందని ముందే రాసుకోవాలి. క్లోజింగ్, ఆడిటు, జ్వరం, పెళ్లిళ్లు, సాయంత్రం ఏడున్నరకు కూడా క్యాష్ టాలీ కాని రోజులు, అన్నీ ఆ ఐదో వంతులోకే వస్తాయి. మిగిలేవి సుమారు 110 గంటలు. 200 గంటల టైంటేబుల్ గోడకు అంటించినవాళ్లు మూడో వారానికే వెనకబడి, మొత్తం ప్లానే వదిలేస్తారు.

ఆ 110 గంటలు ఎలా పంచుకోవాలి?

ఏఎఫ్ఎమ్‌కు 40, పీపీబీకి 30, ఎకానమీకి 20, రిటైల్‌కు 10, చివరి పునశ్చరణకు 10.

రిటైల్‌కు 10 చాలా అని అడుగుతారు. అందులో డిపాజిట్లు, రిటైల్ రుణాలు, రికవరీ భాగం పీపీబీతో చాలావరకు కలిసిపోతుంది. మ్యూచువల్ ఫండ్లు, బీమా లాంటివి ఎకానమీ పేపరు చివరి మాడ్యూల్లో ముందే చూసి ఉంటారు. విడిగా చదవాల్సింది మార్కెటింగ్ మాడ్యూలు, వెల్త్ మేనేజ్‌మెంట్ మాడ్యూలు. పైగా మామూలుగా ఇది చివరి పేపరు, దానికి ముందు మరికొన్ని రోజులు దొరుకుతాయి.

మొదలుపెట్టేది మాత్రం ఏఎఫ్ఎమ్‌తోనే. పరీక్షలో అది మూడోది కదా అని మూడో నెలకు వాయిదా వేస్తే దెబ్బతింటారు. లెక్కలు చేతికి అలవాటు కావాలి. అది వారం రోజుల్లో వచ్చేది కాదు. థియరీ అయితే చివరి వారం చదివినా కొంత నిలుస్తుంది. మొదటి నాలుగు వారాలు ఏఎఫ్ఎమ్‌కు ఇచ్చి, ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక అరగంట అయిదారు లెక్కలు చేస్తూనే ఉండాలి.

మే విడతకు రాస్తే మార్చి క్లోజింగ్ మధ్యలో వస్తుంది. ఏం చేయాలి?

ఆ వారాన్ని ముందే సున్నా చేయండి. ఫిబ్రవరి రెండో వారంలో మొదలుపెడితే ఏడో వారం దాదాపు మార్చి 24 నుంచి ఏప్రిల్ 1 మధ్య పడుతుంది. ఏప్రిల్ 1 ఒడిశాలో ఉత్కళ దివస్. ఖాతాదారులకు ఆ రోజు కౌంటరు ఉండదు గానీ లోపల ఇయర్ క్లోజింగ్ పని ఉండొచ్చు. ఉగాది, మజ్జిగౌరమ్మ చైత్ర జాతర కూడా ఈ చుట్టుపక్కలే వస్తాయి.

కాబట్టి వరస ఇలా: 1 నుంచి 4 వారాలు ఏఎఫ్ఎమ్, 5, 6 వారాలు పీపీబీ, 7వ వారం ఖాళీ, 8వ వారం మిగిలిన పీపీబీ, 9, 10 వారాలు ఎకానమీ, 11వ వారం రిటైల్, 12వ వారం పునశ్చరణ.

ఖాళీ వారంలో పుస్తకం ముట్టకపోయినా ఒక లాభం ఉంది. ఎన్‌పీఏ లెక్క, ప్రొవిజనింగ్, సస్పెన్స్ ఖాతాల సర్దుబాటు, డిప్రిసియేషన్ ఎంట్రీలు ఆ రోజుల్లో కళ్ల ముందే జరుగుతాయి. అర్థం కాని ఎంట్రీ ఏదైనా కనిపిస్తే చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఎనిమిదో వారంలో చూడొచ్చు. అక్టోబరు, నవంబరు విడతకైతే సెప్టెంబరు 30 అర్ధ సంవత్సర క్లోజింగూ దసరా సెలవులూ ఇలాగే అడ్డొస్తాయి. అక్కడా అదే పద్ధతి.

రాత్రి ఆ గంటంపావు ఎలా వాడాలి?

మొదటి పది నిమిషాలు నిన్నటి పాఠం నుంచి అయిదు ప్రశ్నలకు పుస్తకం చూడకుండా జవాబు రాయండి. తర్వాత నలభై అయిదు నిమిషాలు కొత్త పాఠం. చివరి ఇరవై నిమిషాలు ఆ పాఠం మీద ప్రశ్నలు. పాఠం సగంలో ఉన్నా సరే, ప్రశ్నలకు ఆగిపోవాల్సిందే. పేజీలు లెక్కపెట్టుకుంటూ పోయేవాళ్లకు చదివినట్టే ఉంటుంది, ప్రశ్న ఎదురయ్యేసరికి రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుంటారు.

మునిగుడా, బిసమ్‌కటక్ వైపు బ్రాంచికి రోజూ వెళ్లి వచ్చేవాళ్లు బస్సులో ఆడియో, వీడియో పాఠాలు వింటుంటారు. ఎకానమీ పేపరుకు అది పనికొస్తుంది. ఏఎఫ్ఎమ్‌కు పనికిరాదు. లెక్క వింటే అర్థమైనట్టుంటుంది, అంతే. వాన కాలంలో కరెంటూ నెట్టూ పోతూ ఉంటాయి కాబట్టి పుస్తకం అచ్చుదే కొనండి. వీడియోలైతే ఆదివారమే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

రోజూ బ్యాంకులోనే ఉంటాం. అయినా బ్యాంక్ రికన్సిలియేషన్ లెక్క ఎందుకు తప్పుతోంది?

బ్యాంకులో ఉన్నందుకే. కౌంటరుకు ఇవతల కూర్చున్నవాళ్లకు కస్టమరు డిపాజిట్ ఒక అప్పు, అంటే క్రెడిట్. రికన్సిలియేషన్ లెక్క మాత్రం కస్టమరు క్యాష్‌బుక్ నుంచి మొదలవుతుంది. అతనికి అదే డబ్బు ఆస్తి, అంటే డెబిట్. ఏ వైపు నిలబడ్డామో మరిచిపోతే ప్లస్, మైనస్ తారుమారవుతాయి.

ఒక లెక్క చూద్దాం. వ్యాపారి క్యాష్‌బుక్‌లో డెబిట్ బ్యాలెన్సు రూ.45,000. అతను ఇచ్చిన చెక్కుల్లో రూ.12,000 విలువైనవి ఇంకా బ్యాంకుకు రాలేదు. జమ చేసిన రూ.8,000 చెక్కు ఇంకా క్లియర్ కాలేదు. బ్యాంకు చార్జీలు రూ.500 పడ్డాయి, అతనికి తెలియదు. పాస్‌బుక్‌లో ఎంత ఉంటుంది?

ప్రతి అంశానికీ ఒకే ప్రశ్న వేసుకోండి: పాస్‌బుక్‌కు ఈ సంగతి తెలుసా? 12,000 చెక్కుల సంగతి తెలియదు. వ్యాపారి తీసేశాడు, బ్యాంకు తీయలేదు. కాబట్టి కలపాలి. 8,000 చెక్కు డబ్బు బ్యాంకు ఇంకా జమ చేయలేదు, తీసేయాలి. 500 బ్యాంకు ఇప్పటికే తీసుకుంది, అదీ తీసేయాలి. 45,000కు 12,000 కలిపి, 8,000, 500 తీసేస్తే రూ.48,500. గుర్తులు తారుమారైతే వచ్చే జవాబు 41,500. ఆప్షన్లలో అలాంటి అంకె కూడా ఉంటుంది, అది కనిపించగానే మన జవాబు సరైందనే నమ్మకం వస్తుంది.

ఓవర్‌డ్రాఫ్ట్ బ్యాలెన్సుతో మొదలైతే గుర్తులు మారతాయి. దానికి వేరే సూత్రం బట్టీ పట్టకండి, 45,000 స్థానంలో మైనస్ 45,000 వేసి అవే అడుగులు వేయండి.

పరీక్షలో సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒప్పుకోరట. ఈఎంఐ లెక్కలు ఎలా?

ఒప్పుకోరు. 8 ఫంక్షన్లు, 12 అంకెల మామూలు బ్యాటరీ కాలిక్యులేటరే తీసుకెళ్లాలి. అది మొదటి వారంలోనే కొని మూడు నెలలూ దానితోనే చేయండి. ఫోను కాలిక్యులేటరుకు అలవాటు పడితే పరీక్ష రోజు వేళ్లు సాగవు.

మామూలు కాలిక్యులేటరులోనూ ఘాతాలు వస్తాయి. కొన్ని మోడళ్లలో సంఖ్య కొట్టి × ఒకసారి, కొన్నింటిలో రెండుసార్లు నొక్కి, తర్వాత = నొక్కుతూ పోవాలి. మీది ఏ రకమో 2తో తేల్చుకోండి: = రెండుసార్లు నొక్కితే 8 రావాలి. అంటే కావలసిన ఘాతం కంటే ఒకటి తక్కువసార్లు = నొక్కాలి. తప్పు జరిగేది ఈ ఒక్కటి దగ్గరే.

రూ.5,00,000 రుణం, ఏడాదికి 12 శాతం వడ్డీ, 24 నెలలు అనుకుందాం. నెల వడ్డీ 1 శాతం, అంటే 0.01.

```
EMI = P × r × (1+r)^n ÷ [(1+r)^n − 1]
(1.01)^12 = 1.126825
(1.01)^24 = 1.126825 × 1.126825 = 1.269735
EMI = 5,00,000 × 0.01 × 1.269735 ÷ 0.269735 = 23,536.7
```

23 సార్లు నొక్కి లెక్క తప్పేకంటే, 11 సార్లు నొక్కి పన్నెండో ఘాతం తెచ్చి, దాన్ని దానితోనే గుణించడం మేలు. = ఒకసారి ఎక్కువ పడి ఘాతం 25 అయితే జవాబు సుమారు 22,703 వస్తుంది. చూడటానికి అదీ నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది.

అందుకే సరిచూసుకునే దారి ఒకటి ఉండాలి. అప్పు నెలనెలా తగ్గుతుంది కాబట్టి మొత్తం వడ్డీ సుమారుగా, మొదటి నెల వడ్డీని (n+1)తో గుణించి రెండుతో భాగిస్తే వచ్చేంత. ఇక్కడ 5,000ను 25తో గుణించి రెండుతో భాగిస్తే 62,500. మన ఈఎంఐని 24తో గుణిస్తే సుమారు 5,64,880, అంటే వడ్డీ 64,880. దగ్గరగానే ఉంది, సరే. తప్పు జవాబు 22,703ను 24తో గుణిస్తే వడ్డీ 44,870 దాకానే తేలుతుంది. అది 62,500కు చాలా దూరం, ఘాతం తప్పిందని అక్కడే తెలిసిపోతుంది. దీనికి పట్టేది పదిహేను సెకన్లు. ఇంకో మామూలు పొరపాటు r స్థానంలో 0.12 వేయడం. అప్పుడు ఈఎంఐ 60,000 దాటుతుంది, అది చూడగానే పట్టుబడుతుంది.

బ్రాంచిలో చేసే పని పరీక్షకు ఉపయోగపడుతుందా?

పీపీబీకి బాగా. ఉదాహరణకు నిధులు చాలక ఒక చెక్కు తిరిగొచ్చింది. ఆ రాత్రి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 చదవండి. రిటర్న్ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఆ చెక్కు తేదీలే పెట్టి లెక్క వేయండి: సమాచారం ఆగస్టు 5న అందితే నోటీసుకు ఆఖరి రోజు సెప్టెంబరు 4. అందిన రోజును లెక్కలోకి తీసుకోరు.

జాగ్రత్త పడాల్సింది మీ బ్యాంకు సొంత సర్క్యులర్లతో. చార్జీలు, అధికార పరిమితులు, ఏ రుణానికి ఎంత మార్జిన్ అన్నవి బ్యాంకు బ్యాంకుకూ మారతాయి. పరీక్ష అడిగేది చట్టం, రిజర్వ్ బ్యాంకు నిబంధన. "మా బ్రాంచిలో ఇలాగే చేస్తాం" అనే జవాబుకు మార్కులు పోయేది ఇక్కడే.

తేదీ గీత కూడా ఒకటుంది. ఫిబ్రవరి నుంచి జులై మధ్య జరిగే పరీక్షలకు అంతకుముందు డిసెంబరు 31 వరకు వచ్చిన మార్గదర్శకాలనే లెక్కలోకి తీసుకుంటారు. ఆగస్టు నుంచి జనవరి మధ్యవాటికి జూన్ 30 వరకు. ఏప్రిల్లో వచ్చిన కొత్త రేటు బ్రాంచిలో అమలులో ఉన్నా, మే పరీక్షకు పాతదే జవాబు. రెపో రేటు లాంటి మారే అంకెల పక్కన తేదీ వేసి రాసుకుంటే ఈ గందరగోళం ఉండదు.

ఇంటర్ దాకా తెలుగులోనో ఒడియాలోనో చదివాం. ఇంగ్లీషు పేపరు అందుతుందా?

పరీక్ష ఇంగ్లీషులో లేదా హిందీలో ఉంటుంది. మాటలు అనువదించుకోవద్దు, అర్థం మాత్రమే తెలుగులో రాసుకోండి. "లీన్: బాకీ తీరేదాకా వస్తువును పట్టి ఉంచుకునే హక్కు, అమ్ముకునే హక్కు మామూలుగా ఇందులో రాదు" అని ఒక వరుస చాలు. లీన్, ప్లెడ్జ్, హైపోతికేషన్, అసైన్‌మెంట్, మార్ట్‌గేజ్ ఈ అయిదింటినీ పక్కపక్కన పెట్టి, సరుకు ఎవరి చేతిలో ఉంటుంది, ఏ ఆస్తికి వర్తిస్తుంది అనే రెండు ప్రశ్నలకు జవాబు రాస్తే పీపీబీలో కలవరపెట్టే ప్రశ్నలు చాలావరకు తీరతాయి.

ఇంగ్లీషులో దెబ్బతీసేవి పెద్ద మాటలు కాదు, "నాట్", "ఎక్సెప్ట్" లాంటి చిన్నవి. మాక్ టెస్టులో తప్పినవాటిలో ఇవి ఎన్నో విడిగా లెక్కపెట్టండి.

మాక్ టెస్టులు ఎన్ని, ఎప్పుడు?

పేపరుకు రెండు చాలు, మూడైతే మంచిది. మొదటిది ఆ పేపరు చదవడం పూర్తయిన ఆదివారం, రెండోది పన్నెండో వారంలో. 2 గంటలూ కదలకుండా కూర్చోవాలి. ప్రశ్నకు సగటున 72 సెకన్లు. ఏఎఫ్ఎమ్‌లో మొదటి గంటలో థియరీ, చిన్న లెక్కలు ముగించి, పెద్ద లెక్కలను మార్క్ చేసి రెండో గంటకు వదలండి. వరసగా చేసుకుపోతే ఒక బాండ్ లెక్క దగ్గరే ఏడెనిమిది నిమిషాలు కరిగిపోతాయి.

మార్కుల కన్నా తప్పుల రకం చూడండి. తెలియక తప్పినవి, తెలిసీ లెక్కలో తప్పినవి, ప్రశ్న సరిగా చదవక తప్పినవి అని మూడు గళ్లు గీయండి. మొదటి గడి నిండితే పాఠానికి తిరిగి వెళ్లాలి. రెండోది నిండితే పుస్తకం తెరవడం దండగ, లెక్కలే చేయాలి. మూడోది నిండితే నిద్ర సంగతి చూసుకోండి.

సెంటరు దూరం పడితే?

రాయగడ నుంచి విజయనగరం మీదుగా విశాఖకో, అటు బరంపురానికో వెళ్లాల్సి రావచ్చు. నమోదు సమయంలో చూపించే సెంటర్ల జాబితాలో రైలు నేరుగా వెళ్లేది ఎంచుకోండి, ఆలస్యం చేస్తే దగ్గరివి నిండిపోతాయి. పొద్దున బయల్దేరి వెళ్లి రాసే ఆలోచన మానుకోండి. ఘాట్ సెక్షన్లో బండి ఆగితే చేయగలిగిందేమీ లేదు. ముందు రోజు సాయంత్రానికే చేరుకోవాలి. నాలుగు పేపర్లూ వేర్వేరు రోజుల్లో ఉంటాయి కాబట్టి టైంటేబుల్ రాగానే టికెట్లు తీసి, అవసరమైన శనివారాలకు సెలవు అడిగి పెట్టండి. చిన్న బ్రాంచిలో ఇద్దరు ముగ్గురు ఒకే పరీక్ష రాస్తుంటే మేనేజరుతో నెల ముందే మాట్లాడుకోవాలి.

అడ్మిట్ లెటరు ప్రింటు, అసలు గుర్తింపు కార్డు, కాలిక్యులేటరు. గుర్తింపు కార్డులో పేరూ అడ్మిట్ లెటరులో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో డౌన్‌లోడ్ చేసిన రోజే చూడండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందూ ఒకచోట వెనకా పడుతుంటాయి.

ఒక్క ఏఎఫ్ఎమ్ పోయింది. మళ్లీ పన్నెండు వారాలా?

అక్కర్లేదు. పాసైన పేపర్ల క్రెడిట్ గడువు లోపల నిలిచే ఉంటుంది. ఒక్క పేపరుకు ఆరు వారాలు, వారానికి ఆరేడు గంటలు సరిపోతాయి. ముందు పాత మాక్ టెస్టుల మూడు గళ్లు తీసి చూడండి. ఈసారి 45 వెసులుబాటు ఉండదు, 50 రావాల్సిందే.